టెక్ సందేహాలు: రెండు నెట్ లైన్లున్నా నెలకోసారి ఎందుకు ఆగుతోంది?

ప్రశ్న: మా డయాగ్నొస్టిక్ సెంటర్‌కి రెండు కంపెనీల ఫైబర్ లైన్లున్నాయి. ఒక్కోటీ 99 శాతం సమయం పనిచేస్తుందన్నారు. రెండూ కలిస్తే 99.99 శాతం అవుతుందని ఇంజినీరింగ్ చదివే మా అబ్బాయి లెక్కేసి చెప్పాడు. అయినా నెలకోసారి నెట్ ఆగిపోయి రిపోర్టులు వెళ్లడం లేదు. మూడో లైన్ తీసుకోవాలా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మూడో లైన్ వద్దు, ఆ డబ్బు ఆపండి. మీ అబ్బాయి లెక్క సరైనదే, కాకపోతే అది వీధిలోంచి వచ్చే రెండు తీగల వరకే. మీ నెట్ కంప్యూటర్ దాకా చేరాలంటే రూటర్, దాన్నుంచి నెట్‌ని కంప్యూటర్లకి పంచే స్విచ్ డబ్బా, వాటికి కరెంటు కూడా ఉండాలి. అవన్నీ పండగలకి కట్టే సీరియల్ సెట్టు లాంటివి. ఒక్క బల్బు పోయినా మొత్తం ఆరిపోతుంది.

ముందు ఆ 99 శాతం అంటే ఏమిటో చూద్దాం. ఒక లైన్ బాగైన దగ్గర్నుంచి మళ్లీ చెడేదాకా సగటున ఎన్ని గంటలు నడిచిందో అది ఎంటీటీఎఫ్. చెడ్డాక బాగయ్యేదాకా సగటున ఎన్ని గంటలు పట్టిందో అది ఎంటీటీఆర్. ఈ రెండూ తెలిస్తే మిగతావన్నీ కూడికలు, గుణకారాలే:

```
A = MTTF / (MTTF + MTTR)
U = 1 - A
series:   A = A1 * A2 * A3
parallel: U = U1 * U2
```

ఇందులో A అంటే పనిచేసే వంతు, U అంటే ఆగిపోయే వంతు. భాగాలు శ్రేణిలో ఉంటే పనిచేసే వంతుల్ని గుణించాలి. సమాంతరంగా ఉంటే ఆగిపోయే వంతుల్ని గుణించాలి. పొరపాటంతా జరిగేది ఈ రెంటినీ కలగలిపినప్పుడే.

మీ సెంటర్ వివరాలు నా దగ్గర లేవు కాబట్టి నమ్మదగ్గ అంకెలు కొన్ని అనుకుందాం. ఒక్కో లైన్ 990 గంటలు నడిచి, 10 గంటలు ఆగుతుందనుకోండి. అంటే దాదాపు 41 రోజులకోసారి చెడుతుంది, సరిగ్గా 99 శాతం. ఒకటే లైన్ ఉంటే ఏడాదిలో 87.6 గంటలు నెట్ ఉండదు. రెండుంటే 0.01ని 0.01తో గుణిస్తే 0.0001. ఏడాదికి 53 నిమిషాలు మాత్రమే. రెండూ ఒకేసారి పడుకోవడం ఐదారేళ్లకోసారి జరిగే పని. ఇంతవరకు మీ అబ్బాయితో నాకు పేచీ లేదు.

ఇప్పుడు ఆ జంట తర్వాత వరుసగా ఉన్నవాటిని కలుపుదాం. రూటర్ రెండేళ్లకోసారి పాడవుతుంది, కొత్తది కొని సెట్ చేసేసరికి ఒక రోజు పడుతుంది అనుకుంటే, సగటున ఏడాదికి 12 గంటలు. స్విచ్ ఐదేళ్లకోసారి పోతుంది, అదీ ఒక రోజు. సగటున ఏడాదికి సుమారు 5 గంటలు. ఇక కరెంటు. యూపీఎస్ బ్యాటరీ అయిపోయేంత సేపు కరెంటు పోవడం నెలకోసారి జరుగుతుంది, ప్రతిసారీ గంట సేపు నెట్ ఉండదు అనుకోండి. ఏడాదికి 12 గంటలు.

ఆగిపోయే వంతులు ఇంత చిన్నవైనప్పుడు గుణకారం బదులు గంటల్ని కూడినా తేడా రాదు. 12, 5, 12, దానికి లైన్ల 53 నిమిషాలు. దాదాపు 30 గంటలు. అంటే 99.66 శాతం. ఆ 30 గంటల్లో లైన్ల వాటా గంట కూడా లేదు. మూడో లైన్ తెచ్చినా తగ్గేది ఆ 53 నిమిషాల్లోంచే, మిగతా 29 గంటలు అలాగే ఉంటాయి.

మీరన్న 'నెలకోసారి' కూడా ఈ లెక్కలోనే దొరుకుతుంది. శ్రేణిలో ఉన్నవి ఎన్నిసార్లు చెడతాయో కూడితే చాలు. రూటర్ ఏడాదికి 0.5 సార్లు, స్విచ్ 0.2, రెండు లైన్లూ ఒకేసారి పోవడం సుమారు 0.2, కరెంటు 12 సార్లు. మొత్తం 13కి కొంచెం తక్కువ. ఏడాదిలోని 8,760 గంటల్ని దానితో భాగిస్తే సుమారు 680 గంటలు, 28 రోజులు. మొత్తం వ్యవస్థ ఎంటీటీఎఫ్ అది. కాబట్టి నేనైతే ముందు యూపీఎస్‌నే అనుమానిస్తాను. ఈసారి నెట్ ఆగినప్పుడు రూటర్ మీద, గోడకున్న ఫైబర్ డబ్బా మీద లైట్లు వెలుగుతున్నాయో లేదో చూడండి. ఫైబర్ డబ్బాను చాలాచోట్ల యూపీఎస్‌కి కాకుండా మామూలు ప్లగ్గుకే తగిలించేస్తారు. అలా ఉంటే బ్యాటరీ ఎంత పెద్దదైనా లాభం లేదు.

రూటర్‌కి మందు ఇంకా చవక. అదే మోడల్ ఇంకోటి కొని, సెట్టింగ్‌ల బ్యాకప్ ఫైల్ దానిలో ఎక్కించి, అల్మరాలో పెట్టండి. పాడవడం ఆగదు, రెండేళ్లకోసారి పాడవుతూనే ఉంటుంది. కానీ బాగుచేసే సమయం 24 గంటల నుంచి అరగంటకు దిగుతుంది, ఏడాదికి 12 గంటల నష్టం 15 నిమిషాలవుతుంది. ఎంటీటీఎఫ్ పెంచడం కంపెనీవాళ్ల చేతిలో ఉంటుంది, ఎంటీటీఆర్ తగ్గించడం మన చేతిలో ఉంటుంది. ఒక షరతు: అసలు రూటర్‌లో పాస్‌వర్డో, ఇంకేదైనా సెట్టింగో మార్చిన ప్రతిసారీ అల్మరాలోని దానికీ అదే ఎక్కించాలి.

ఇక ఆ 53 నిమిషాల మాట. అది కూడా రెండు నమ్మకాల మీద నిలబడ్డ అంకె.

మొదటిది, ఒక లైన్ చెడటానికీ రెండోది చెడటానికీ సంబంధం లేదనేది. కంపెనీలు వేరైనా కేబుళ్లు రెండూ ఒకే కరెంటు స్తంభం మీదుగా వస్తే, ఆ స్తంభం కూలినా, రోడ్డు చివర జేసీబీ తవ్వినా రెండూ కలిసే తెగుతాయి. ఇలా రెంటినీ ఒకేసారి కొట్టే కారణాల్ని లెక్కలోకి తేవడానికి ఈ రంగంలో బీటా అనే అంకె వాడతారు. ఒక లైన్‌కి వచ్చే అంతరాయాల్లో పదింట ఒక వంతు రెండో లైన్‌నీ పడగొడతాయనుకుంటే బీటా 0.1. అప్పుడు 0.01లో పదో వంతు, అంటే 0.001, రెండు లైన్లున్నా తప్పని నష్టం. ఏడాదికి 8.8 గంటలు. మిగతా విడివిడి నష్టం కలిపితే సుమారు 9.5 గంటలు. 53 నిమిషాలు పదింతలైంది!

దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. రెండు కేబుళ్లూ ఎటునుంచి వస్తున్నాయో వీధి చివరిదాకా నడిచి చూడండి. తర్వాత ఒక లైన్ పీకి, రెండోదాని మీద విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఈ కమాండ్ ఇవ్వండి. ఆపైన లైన్లు మార్చి మళ్లీ ఇవ్వండి.

```
tracert 8.8.8.8
```

చివర్లో వచ్చేవి గూగుల్ అడ్రసులు, అవి ఒకటే అయినా పట్టించుకోకండి. మొదటి రెండు మూడు వరుసల తర్వాత మధ్యలో రెంటిలోనూ అవే అడ్రసులు కనిపిస్తే ఇద్దరూ ఒకే పెద్ద కంపెనీ దగ్గర నెట్ కొంటున్నారని అనుమానించాలి. వేర్వేరు అడ్రసులు వచ్చినంత మాత్రాన నేలలో దారులు వేరని అర్థం కాదు, అది నడిచి చూస్తేనే తెలుస్తుంది. ఒకే దారి అయితే రెండో ఫైబర్ బదులు మొబైల్ సిమ్ పెట్టే రూటర్ మేలు.

రెండో నమ్మకం, చెడిన లైన్ చెడిందని వెంటనే తెలుస్తుందనేది. రెండో లైన్ మొదటిది పోతేనే వాడేలా పెడితే అది చచ్చి పడున్నా ఎవరికీ తెలియదు. నెలకోసారి మాత్రమే పరీక్షిస్తే, చెడ్డాక సగటున ఓ 15 రోజులు అది చడీచప్పుడు లేకుండా పడి ఉంటుంది. అంటే 10 గంటల ఎంటీటీఆర్ కాస్తా 370 గంటలైంది. ఆ లైన్ ఆగిపోయే వంతు ఒక శాతం నుంచి పాతిక శాతం పైకి ఎగబాకుతుంది. 0.01ని 0.27తో గుణించి చూడండి, ఏడాదికి దాదాపు ఒక రోజు రెండూ లేనట్టే.

అందుకని రెండు లైన్లనీ రోజూ వాడేలా రూటర్‌లో లోడ్ బ్యాలెన్స్ పెట్టండి. అది కుదరకపోతే వారానికోసారి మొదటి లైన్ పీకి పావుగంట నడిపి చూడండి. రూటర్ లైన్ పోయిందని ఎలా గుర్తిస్తుందో కూడా చూసుకోవాలి. కొన్నింటిలో మామూలుగా కేబుల్ తగిలించి ఉందా లేదా అన్నంతవరకే చూసే సెట్టింగ్ ఉంటుంది. ఫైబర్ వీధిలో తెగినా డబ్బాకీ రూటర్‌కీ మధ్య కేబుల్ బాగానే ఉంటుంది కాబట్టి అది రెండో లైన్‌కి మారదు. `8.8.8.8`, `1.1.1.1` లాంటి రెండు బయటి అడ్రసులకి పింగ్ చేసి, రెండూ వరుసగా మూడుసార్లు జవాబివ్వకపోతే మారేలా పెట్టండి. పరీక్షించేటప్పుడు కూడా డబ్బాలోంచి ఫైబర్ తీగనే తీయండి, రూటర్ దగ్గర కేబుల్ కాదు.

ప్రశ్న: హార్డ్ డిస్క్ వివరాల్లో ఎంటీబీఎఫ్ 10 లక్షల గంటలు అని ఉంది. లెక్కేస్తే 114 ఏళ్లు! నాది నాలుగో ఏడే పోయింది. మోసమా? ఇప్పుడు నాలుగు డిస్కుల్ని కలిపి ఒకే పెద్ద డ్రైవ్‌గా వాడదామనుకుంటున్నా.
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మోసం కాదు గానీ, ఆ అంకె మీ ఒక్క డిస్క్ ఆయుష్షు కాదు. వెయ్యి డిస్కులు ఏడాదంతా తిరిగితే 87.6 లక్షల గంటలు. పది లక్షలకి ఒకటి చొప్పున ఏడాదికి తొమ్మిది దాకా పోతాయని దాని అర్థం. అంటే ఏడాదికి 0.88 శాతం. అదీ డిస్క్ పడుచు వయసులో ఉన్నంతవరకే. బేరింగులు అరిగే వయసు వచ్చాక ఆ లెక్క పనిచేయదు. డిస్క్ ఎన్నాళ్లు నిలుస్తుందో కంపెనీ లోపల ఏమనుకుంటోందో తెలియాలంటే వారంటీ ఏళ్లు చూడండి.

ఆ 0.88 కూడా ఆశావహమే. కార్నెగీ మెలన్ యూనివర్సిటీకి చెందిన బియాంకా ష్రోడర్, గార్త్ గిబ్సన్ సుమారు లక్ష డిస్కుల రికార్డులు పరిశీలించి 2007లో ప్రకటించిన ఫలితాల్లో ఏడాదికి 2 నుంచి 4 శాతం డిస్కులు మార్చాల్సి రావడం మామూలే, కొన్నిచోట్ల 13 శాతం దాకా వెళ్లింది. ఇంట్లో లెక్కకి 3 శాతం పెట్టుకోండి.

నాలుగింటిని రెయిడ్ 0గా కలిపితే అది పైన చెప్పిన సీరియల్ సెట్టే, ఒక్కటి పోయినా అన్నిట్లోని ఫైళ్లూ పోతాయి. 0.97ని నాలుగుసార్లు గుణిస్తే 0.885. ఏడాదిలో మొత్తం పోగొట్టుకునే అవకాశం 11.5 శాతం. అదే నాలుగింటిని రెండు అద్దం జంటలుగా, రెయిడ్ 10గా పెడితే సగం చోటే దక్కుతుంది, కానీ జంటలో ఒకటి పోయాక మూడు రోజుల్లో మార్చేస్తే ఆ లోపు దాని జోడీ కూడా పోయే అవకాశం 0.025 శాతమే. పోయిన సంగతి ఆరు నెలలకి తెలిస్తే మాత్రం 1.5 శాతం, అరవై రెట్లు. నాలుగూ ఒకే రోజు ఒకే పెట్టెలోంచి కొన్నవైతే కలిసి ముసలివవుతాయి కాబట్టి అసలు అంకె ఇంకా పెద్దదే ఉంటుంది. జంటలోని రెండు డిస్కులూ వేర్వేరు నెలల్లో తయారైనవి చూసి కొనండి. డిస్క్ పోతే ఈమెయిల్ వచ్చే సెట్టింగ్ ఆన్ చేసి, ఫైళ్లు ఇంకా ఎక్కించకముందే ఒక డిస్క్ బయటికి లాగి ఆ మెయిల్ నిజంగా వస్తుందో లేదో చూడండి.