రిక్రూటర్ నీ పేరు తప్పుగా పిలుస్తుంటే

చిరంజీవి శ్రావణికి,

బాబాయి ఆశీస్సులు. ఆ రిక్రూటర్ నిన్ను మూడుసార్లూ 'కొండపల్లి గారూ' అనే పిలిచాడనీ, టెస్ట్ ఇంజనీర్‌వైన నిన్ను మెయిల్‌లో టెస్ట్ లీడ్ అని రాశాడనీ చెప్పావు. ఏమనుకుంటాడో అని ఊరుకున్నావట. ఊరుకోవద్దమ్మా.

ముందు తప్పు ఎక్కడ పుట్టిందో చూడు. అతను ఫోన్లో మాత్రమే తప్పు పలికితే అది అలవాటు. ఇంటర్వ్యూ ఇన్వైట్‌లో కూడా 'కొండపల్లి' అనే వస్తే, వాళ్ల సిస్టమ్‌లోనే అలా ఎక్కిందన్నమాట. టెన్త్ సర్టిఫికెట్‌లో ఉన్నట్టు ఇంటిపేరు ముందు పెట్టి ఫారం నింపితే మన వాళ్లకు తరచూ ఇలా జరుగుతుంది. అలాంటప్పుడు మనిషికి ఎన్నిసార్లు చెప్పినా లాభం లేదు, రికార్డు మారాలి. నీ రెజ్యూమే, జాబ్ పోర్టల్ ప్రొఫైల్ కూడా ఒకసారి చూసుకో. తప్పు మన దగ్గరే ఉంటే ముందు అది సరిచెయ్యి.

తర్వాత అతను పంపిన మెయిల్‌కే జవాబుగా రాయి. కొత్త మెయిల్ వద్దు, పాతదాని కిందే ఉంటే అందరికీ కనిపిస్తుంది. 'అవకాశం గురించి చెప్పినందుకు ధన్యవాదాలండీ. చిన్న సవరణ: కొండపల్లి నా ఇంటిపేరు, నన్ను శ్రావణి అని పిలవండి. ప్రస్తుతం నా హోదా టెస్ట్ ఇంజనీర్, లీడ్ కాదు. క్లయింట్‌కు పంపిన కాపీలో కూడా మార్చగలరా? సరైన రెజ్యూమే జతచేశాను.' ఇంతే చాలు. 'మీరు మళ్లీ తప్పు రాశారు' అని మాత్రం రాయకు. రోజుకు ఎందరితోనో మాట్లాడే మనిషి, నొచ్చుకుంటాడు.

పేరు తప్పు కొన్నాళ్లు ఆగినా ఫర్వాలేదు గానీ, హోదా తప్పు అదే రోజు చెప్పాలి. ఏజెన్సీలు క్లయింట్‌కు రెజ్యూమేని తమ ఫార్మాట్‌లో మార్చి పంపుతుంటాయి. నేను హెచ్‌ఆర్‌లో ఉన్నప్పుడు ఒకమ్మాయి ఇలాగే లీడ్ పేరుతో మా దగ్గరికి వచ్చింది. మీ టీమ్‌లో ఎంతమంది అని అడిగితే తెల్లబోయింది. తప్పు ఏజెన్సీదే, కానీ అబద్ధం చెప్పిందన్న అనుమానం ఆ అమ్మాయి మీదే పడింది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో రిలీవింగ్ లెటర్‌లోని హోదాతో పోల్చి చూస్తారు, అక్కడ తేడా వస్తే ఆఫర్ పోయే ప్రమాదం ఉంది. అందుకే సవరణ మెయిల్‌లో ఉండాలంటున్నాను, అది నీ దగ్గర రుజువుగా మిగులుతుంది.

ఫోన్లో మళ్లీ 'కొండపల్లి' అంటే, అతని మాట పూర్తి కానిచ్చి, 'శ్రావణి అనండి సార్' అని నవ్వుతూ చెప్పి విషయంలోకి వెళ్లిపో. రెండు రోజుల్లో మెయిల్‌కు జవాబు రాకపోతే ఫోన్ చేసి, 'మీ పోర్టల్‌లో నా పేరు ఎలా ఉందో ఒకసారి చదువుతారా?' అని అడుగు. అతన్ని తప్పు పట్టినట్టుండదు, పనీ జరుగుతుంది. ఆఫర్ లెటర్ రాకముందే ఇదంతా తేల్చుకో. ఆ లెటర్‌లో పేరు ఆధార్‌తో కలవకపోతే తర్వాత పీఎఫ్ దగ్గర ఇబ్బంది పడాలి.

అతను జవాబిచ్చాక నాకు ఫార్వర్డ్ చెయ్యి, చూస్తాను.

మీ బాబాయి