మళ్లీ చేస్తే రాని ఫలితం

“జ్ఞాపకశక్తిపై ఒక పత్రంలో, గుంపుకు 20 మందితో పీ-విలువ 0.04 వచ్చింది. హైదరాబాద్‌లో మేము అలాగే చేస్తే 0.30. తప్పు మాదేనా?”

ముందు లెక్క చూడండి. రెండు గుంపుల మధ్య అసలు తేడా లేకపోయినా కనీసం ఇంత తేడా కనిపించే అవకాశమే పీ-విలువ; అది 0.05 గీత లోపు ఉంటే ఫలితం వచ్చినట్టు లెక్కేస్తారు. పత్రంలోని తేడా అక్షరాలా నిజమే అనుకున్నా, మళ్లీ 20 మందితోనే చేస్తే 0.05 లోపు వచ్చే అవకాశం సగానికి కాస్త ఎక్కువ, అంతే. బొమ్మా బొరుసే. పైగా చిన్న ప్రయోగాల్లో ఆ గీత లోపు వచ్చినవే ఎక్కువగా అచ్చవుతాయి కాబట్టి తేడా ఉబ్బి కనిపిస్తుంది. 20 మందితో 0.04 వచ్చిందంటే తేడా ప్రామాణిక విచలనంలో సుమారు 0.67 వంతు. నేనైతే అందులో సగమే నమ్ముతాను. అప్పుడు, నిజంగా ఉన్న తేడా 80 శాతం సార్లు పట్టుబడాలంటే గుంపుకు దాదాపు 140 మంది కావాలి. తార్నాకలో ఒక్క హాస్టల్ సరిపోదు, సెలవులకు ముందే పేర్లు రాయించుకోండి.

వాళ్లు ఎన్ని కొలతలు తీసుకుని ఎన్ని చూపారో కూడా చూడండి. అసలు తేడాయే లేకపోయినా, ఒకదానితో ఒకటి సంబంధం లేని ఐదు కొలతల్లో ఏదో ఒకటి 0.05 లోపు పడే అవకాశం 23 శాతం.