గోలీ ఆపే ముందు ఇది చదువు

చిరంజీవి కిరణ్‌కి, పెద్దమ్మ ఆశీస్సులు.

పుణెలో ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ చెప్పగానే కళ్లు చెమర్చాయి. పోయినేడు ఈ రోజుల్లో మంచం దిగడానికే కష్టపడిన పిల్లాడివి. ఆ వెంటనే, "కొత్త ఊరికి కొత్తగా వెళ్తాను, ఆ గోలీలు ఇక్కడే ఆపేస్తాను అంటున్నాడక్కా" అంది. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఇన్నేళ్లు నర్సుగా చేసిన దాన్ని, తెలిసీ ఊరుకోలేను.

నువ్వు డిప్రెషన్‌కి వేసుకుంటున్నది వెన్లాఫాక్సిన్ 75. ఆ రకం మందుల్లో ఒంట్లోంచి చాలా తొందరగా వెళ్లిపోయే వాటిలో ఇదొకటి. దాని సగం దాదాపు 5 గంటల్లో, అది మారి తయారయ్యే పదార్థంలో సగం 11 గంటల్లో తగ్గిపోతాయి. ఫ్లుయాక్సెటిన్ అయితే వారాల తరబడి మెల్లగా దిగుతుంది కాబట్టి ఒకపూట మరిచినా చాలామందికి తెలియదు. నీ మందు అలా కాదు. పొద్దున వేసుకోకపోతే కొందరికి సాయంత్రానికే తల తేలిపోతుంది.

మీ పెదనాన్న సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. ఆయన వేసుకున్నదీ ఇదే మందు, ఇదే మోతాదు. బాగా కోలుకున్నాక కాశీ వెళ్తూ, "గంగ ఒడ్డున మందులేమిటి" అని స్ట్రిప్పులు అల్మారాలోనే వదిలేశారు. రెండో రోజుకి కళ్లు పక్కకి తిప్పితే చాలు, తలలో కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమనేదట. మెట్లు దిగుతుంటే తూలు, వికారం, చెమటలు. రాత్రి భయంకరమైన కలలు. గుండె దడదడలాడి "నేను చచ్చిపోతున్నానే" అని నా చేయి పట్టుకున్నారు. అక్కడి ఆసుపత్రిలో ఈసీజీ తీసి గుండె బాగుందన్నారు. టెన్షన్ అని ఇంకో గోలీ రాశారు. ఏ మందు ఆపారని ఎవరూ అడగలేదు. జబ్బు తిరగబెట్టిందని ఇంటిల్లిపాదీ నమ్మాం.

తిరిగొచ్చాక ఆయన డాక్టరు వేసిన మొదటి ప్రశ్న, "ఆఖరి క్యాప్సూల్ ఎప్పుడు వేసుకున్నారు?" మళ్లీ మొదలుపెట్టిన మర్నాటికే షాకులు తగ్గాయి, మూడో రోజుకి అన్నం తిన్నారు. డిప్రెషన్ అయితే అలా ఒక్కరోజులో దిగదు, వారాలు పడుతుంది. తిరగబెట్టేటప్పుడు కూడా మెల్లగానే వస్తుంది: ముందు నిద్ర చెడుతుంది, తర్వాత దేని మీదా మనసు పోదు. ఆపిన ఒకటి రెండు రోజుల్లోనే, తలలో షాకులతో, తూలుతో దడ పుట్టిందంటే ముందు అనుమానించాల్సింది మందు ఆగిపోవడాన్నే. అసలు జబ్బులో ఆయనకి ఆ షాకులు ఎన్నడూ లేవు. అయినా ఆ భయంతో "ఇది లేకపోతే నేను బతకను" అనుకుని, ఎన్నో ఏళ్లు మానే మాటే ఎత్తనివ్వలేదు మనిషి. నాకు బాధ కలిగించేది అదే. అది వ్యసనం కాదురా. అలవాటుపడిన మెదడు సర్దుకోవడానికి టైమ్ అడిగింది, అంతే.

నువ్వు జీవితాంతం వేసుకోవాలని నేననడం లేదు. ఆపాలనుంటే మీ డాక్టరుతో చెప్పి ఆపు, కొత్త ఉద్యోగంలో కుదురుకున్నాక మొదలుపెట్టు. 75 నుంచి 37.5కి దిగడం కొంత సులువే. అక్కడి నుంచి సున్నాకి దిగడమే కష్టం, ఎందుకంటే చిన్న మోతాదే మెదడులో చాలా భాగం పని చేసేస్తుంది. అందుకే ఆఖరి మెట్లు చిన్నవిగా, ఒక్కో మెట్టు మీద కొన్ని వారాలు ఆగుతూ దిగాలి. రోజు విడిచి రోజు వేసుకుని మానేద్దాం అనుకోకు. ఈ మందు రెండో రోజుకి దాదాపు ఖాళీ అయిపోతుంది కాబట్టి ఎక్కడం దిగడంతో ఒళ్లు గందరగోళమవుతుంది. క్యాప్సూల్ నమలకు, చితక్కొట్టకు. తగ్గిస్తుంటే దడ వస్తే, అంతకు ముందున్న ఎక్కువ మోతాదుకి తిరిగి వెళ్లాలేమో డాక్టర్ని అడుగు. కొందరికి ఈ బాధ నెలలు కూడా ఉంటుంది, అలాంటప్పుడు ఇంకా నెమ్మదిగా దిగాలి.

ఒకపూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకో. తర్వాతి డోసు దగ్గరపడి ఉంటే వదిలెయ్, రెండూ కలిపి మింగకు. స్ట్రిప్పులో నాలుగు మిగిలేసరికి కొత్తది కొను. చీటీ ఫొటో ఫోన్‌లో ఉంచుకో.

ఇంకోటి, ఇది నా ప్రాణం మీద మాట: డోసు తప్పిన రోజు బండి ఎక్కకు. పుణె ట్రాఫిక్‌లో ఆ తూలు వస్తే ఏమవుతుందో తలచుకుంటేనే వణుకు వస్తోంది. ఆటోలో వెళ్లు, డబ్బులు నేనిస్తాను.

బతకాలనిపించని ఆలోచన ఒక్కసారి వచ్చినా మందు సంగతి తర్వాత, ముందు నాకు ఫోన్ చెయ్, ఎంత రాత్రయినా సరే. నేను దొరక్కపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి చెయ్, తెలుగులోనూ మాట్లాడతారు.

వెళ్లేలోపు డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకుని ఏ రోజో చెప్పు. మీ అమ్మకి వీలు కాకపోతే నేను తోడొస్తాను.

మీ పెద్దమ్మ