టీమ్ ముగించిన సమస్య నన్ను వదలడం లేదు

*నా వయసు 35. బ్యాటరీ ప్యాక్‌లు తయారుచేసే కంపెనీలో తొమ్మిదేళ్లుగా ఇంజినీర్‌ని. కొన్ని సెల్స్ మాత్రమే ఎందుకు హఠాత్తుగా పాడవుతాయన్న దానిమీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. మా టీమ్ ఆ సమస్యకు ఏదో పరిష్కారం పెట్టి ప్రాజెక్టు ముగించింది. నాకు మాత్రం అది ముగిసినట్టు లేదు. ఏం పరిశోధిస్తానో, ఎందుకో చెబుతూ దరఖాస్తుకు రాసిన నా ఎస్ఓపీ చూసిన ఒక ప్రొఫెసర్ ‘మీరేం చేశారో తెలిసింది, ఏం తెలుసుకోవాలనుకుంటున్నారో తెలియలేదు’ అన్నారు. మా ఆవిడేమో ‘ఆఫీసులో విసుగొస్తే కంపెనీ మారండి, ఈ వయసులో మళ్లీ చదువేంటి’ అంటోంది. ఇద్దరికీ ఎలా చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.*
*– పేరు వద్దు*

‘నాకు మాత్రం అది ముగిసినట్టు లేదు’ అన్నారు చూడండి, మీ ఎస్ఓపీ అక్కడి నుంచి మొదలుకావాలి. మీరు పంపింది బహుశా వాక్యాలుగా మార్చిన రెజ్యూమే అయి ఉంటుంది. ఉద్యోగం నుంచి వచ్చేవాళ్లలో చాలామంది అలాగే రాస్తారు: ఇన్ని ప్రాజెక్టులు, ఇంతమంది టీమ్, చివర్లో ‘పరిశోధన పట్ల ఆసక్తి’. చదివే ప్రొఫెసర్‌కి మీరు సమర్థులని తెలుస్తుంది. మిమ్మల్ని నాలుగైదేళ్లు ఏ ప్రశ్న మీద కూర్చోబెట్టాలో తెలియదు.

నేను కౌన్సెలింగ్‌లోకి రాకముందు బ్యాటరీ ల్యాబ్‌లో పనిచేశాను. అందుకే మీ కంపెనీలో ఏం జరిగి ఉంటుందో కొంత ఊహించగలను. ఒకే బ్యాచ్ సెల్స్‌ని పరీక్షకు పెట్టారు. అన్నీ కొంతకాలం మెల్లగా, దాదాపు సరళరేఖలా సామర్థ్యం కోల్పోయాయి. తర్వాత కొన్ని మాత్రం ఒక్కసారిగా కిందికి పడిపోయాయి. గ్రాఫ్ మోకాలిలా వంగుతుంది కాబట్టి దాన్ని ఇంగ్లిష్‌లో ‘నీ’ అంటారని మీకు తెలుసు. టీమ్ ఏం చేసింది? చలిలో ఛార్జింగ్ కరెంట్ తగ్గించి, వారంటీకి కాస్త మార్జిన్ పెట్టి ఉంటుంది. ఫిర్యాదులు తగ్గాయి, ప్రాజెక్టు ముగిసింది. అది తప్పు కాదు. కంపెనీకి కావలసింది ప్యాక్ నిలవడం, కారణం తెలియడం కాదు. మీ ప్రశ్న ఆ మార్జిన్ కింద ఉండిపోయింది: ఒకే బ్యాచ్, ఒకే రకం వాడకం, మరి ఈ సెల్స్ ఎందుకు పడిపోయాయి, ఆ పక్కవి ఎందుకు పడలేదు?

ఇంకో ఇద్దరు ఇంజినీర్లనిచ్చి మూణ్నెల్లు టెస్ట్ చేయిస్తే తేలిపోయే ప్రశ్న అయితే దానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. మీ ప్రశ్న అలా తేలేది కాకపోవచ్చు, ఎందుకంటే దీనికి ఒకటికంటే ఎక్కువ కారణాలకు అవకాశముంది. ఛార్జ్ చేసేటప్పుడు లిథియం గ్రాఫైట్ ఎలక్ట్రోడ్ లోపలికి వెళ్లకుండా పైనే లోహపు పూతగా పేరుకుపోవచ్చు. లేదా సెల్‌లోని ద్రవం, అంటే ఎలక్ట్రోలైట్, క్రమంగా ఖర్చైపోయి, ఒక దశ దాటాక సెల్ కుప్పకూలవచ్చు. మొదటిది చలిలో వేగంగా ఛార్జ్ చేస్తే ఎక్కువవుతుంది, రెండోది వేడిలో. కాబట్టి ఒకే బ్యాచ్‌ని రెండు ఉష్ణోగ్రతల్లో నడిపి, ఏ గుంపులో ‘నీ’ ముందొస్తుందో చూస్తే ఒక ఊహ బలపడుతుంది, రెండోది బలహీనపడుతుంది. పూత ఏర్పడితే ఛార్జ్ ఆపిన తర్వాత వోల్టేజి దిగే తీరులో చిన్న మెట్టు కనిపించే అవకాశం ఉంది. కానీ తిరిగి కరగని, విడిపోయిన లిథియం ఆ గుర్తు ఇవ్వదు. అందుకే మెట్టు లేనంత మాత్రాన పూత లేదనలేం. చివరికి సెల్ విప్పి చూడాలి. పైగా ఒకే సెల్‌లో రెండు కారణాలూ కలిసి పనిచేయవచ్చు.

ఇదంతా మీకు నాకంటే బాగా తెలుసు. తెలిసింది ఎస్ఓపీలో లేదు, అంతే. మొదటి పేరాని ఇలా రాసి చూడండి:

‘ఒకే బ్యాచ్ లిథియం అయాన్ సెల్స్‌లో కొన్ని మాత్రమే ముందుగా, హఠాత్తుగా సామర్థ్యం కోల్పోవడం గమనించాను. ఛార్జింగ్ పరిమితి మార్చి మేం ఆ లోపాన్ని అదుపు చేశాం, కారణం మాత్రం తేల్చలేదు. లిథియం పూత కారణమా, ఎలక్ట్రోలైట్ క్షీణతా, లేక రెండూనా అన్నది విడదీసే పరీక్షలు చేయాలనుకుంటున్నాను. వేడిలో నడిపిన గుంపులోనే పతనం ముందొస్తే, పూతే ప్రధాన కారణమన్న నా ఊహ తప్పినట్టే.’

చివరి వాక్యం తీసేయకండి. ఏం జరిగితే మీ ఊహ తప్పుతుందో చెప్పగలిగారంటే, మీకు ప్రాజెక్టు పూర్తిచేయడం ఒకటే కాదు, ప్రశ్న వేయడమూ వచ్చని గైడ్‌కి అర్థమవుతుంది. మిగతా తొమ్మిదేళ్ల అనుభవానికి ఒక పేరా చాలు.

పంపేముందు ఒక జాగ్రత్త. కంపెనీ డేటా, గ్రాఫులు, సెల్ సప్లయర్ పేరు రాయకండి. అందరికీ అందుబాటులో ఉన్న డేటా సెట్లు ఉన్నాయి కదా. 2019లో వచ్చిన ఒక అధ్యయనం 124 సెల్స్ డేటాను బయటపెట్టింది, మొదటి 100 ఛార్జింగ్ సైకిల్స్‌ని బట్టే అవి ఎంతకాలం మన్నుతాయో అంచనా కట్టింది. మీ ప్రశ్నని అలాంటి డేటా మీద కొంచెం ప్రయత్నించి, కనిపించింది రెండు వాక్యాల్లో చేర్చండి. అంచనా కట్టడం, కారణం చెప్పడం వేర్వేరన్న తేడా కూడా అక్కడే తేలిగ్గా బయటపడుతుంది.

ఇక మీ ఆవిడ సంగతి. ఆవిడ అడిగింది న్యాయమైన ప్రశ్నే, ప్రొఫెసర్ అడిగినదానికి అది దగ్గరి చుట్టం కూడా. మీరు దేన్నుంచి పారిపోతున్నారో ఆవిడకి కనిపిస్తోంది, దేనివైపు వెళ్తున్నారో కనిపించడం లేదు. ముందు మీలో మీరే తేల్చుకోండి: రేపు మీ మేనేజర్ మారి, జీతం పెరిగి, మంచి ప్రాజెక్టు వస్తే ఈ సెల్స్ మీద ఆలోచన ఆగిపోతుందా? ఆగిపోయేలా ఉంటే ఆవిడ చెప్పిందే సరైన సలహా, కంపెనీ మారండి.

ఆగదంటే, ఆవిడకి ‘నా కల’ అని చెప్పకండి. కలకి ఎవరూ లెక్క అడగలేరు, అందుకే ఇంట్లోవాళ్లకి భయం. ఆ మోకాలి గ్రాఫ్ కాగితం మీద గీసి, ఏం తెలియలేదో చెప్పండి. తర్వాత డబ్బు లెక్క తీయండి: స్టైపెండ్ ఎంత, ఇంటి ఖర్చెంత, తేడాని ఎన్ని నెలలు పొదుపుతో మోయగలరు. రెండో ఏడాది చివరికి పని కదలకపోతే ఏం చేస్తారో, మళ్లీ ఉద్యోగంలోకి ఎలా వస్తారో కూడా ముందే మాట్లాడుకోండి. ఈ మాట మీ అంతట మీరే ఎత్తితే, వాదన సగం అక్కడే చల్లబడుతుంది.

ఉద్యోగం వదలకుండా చేసే మార్గం ఉందేమో కూడా కనుక్కోండి. లిథియం అయాన్ బ్యాటరీకి 2019లో నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఒకరైన అకిరా యోషినో, 1972లో కంపెనీలో చేరి, పరిశ్రమలో ఉంటూనే 2005లో డాక్టరేట్ తీసుకున్నారు. అయితే ఆయన ఉద్యోగమే పరిశోధన. మీ కంపెనీలో సెల్ విప్పి చూసే సదుపాయం, ఫలితాలు ప్రచురించే అనుమతి రెండూ ఉంటేనే ఆ దారి మీకు పనికొస్తుంది. ప్రచురణ గురించి మేనేజర్ నోటిమాటగా ‘చూద్దాం’ అంటే లేదనే అనుకోండి, రాతపూర్వకంగా తీసుకోండి.

కొత్త ఎస్ఓపీని అదే ప్రొఫెసర్‌కి మళ్లీ పంపండి. ఆయన తోసిపుచ్చలేదు, లోపం చెప్పారు. అలా చెప్పే ఓపిక ఉన్నవాళ్లు తక్కువ. ఒకవేళ ఆయన ‘ఇందులో ఈ భాగం ఇప్పటికే తేలిపోయింది’ అని ఏదైనా పేపర్ పంపితే నిరాశపడకుండా చదివి, అందులో ఏ ఉష్ణోగ్రతలు, ఏ రకం సెల్స్ వదిలేశారో చూసి జవాబు రాయండి.