హఫ్‌మన్ కోడ్: కలిపిన జత మళ్లీ వరుసలోకి రావాలి

ప్రశ్న: ఎక్కువసార్లు వచ్చే అక్షరాలకు తక్కువ బిట్ల కోడ్లు ఇచ్చే హఫ్‌మన్ పద్ధతిలో చిన్న సంఖ్యలను జతలుగా కలుపుకుంటూ పోయాను, కానీ పుస్తకంలో 56 బిట్లు ఉంటే నాకు 57 వస్తోంది. ఎక్కడ తప్పాను?

| అక్షరం | క | ల | మ | న | ర |
|---|---|---|---|---|---|
| సార్లు | 12 | 6 | 4 | 3 | 2 |

మొదట ర, న లను కలిపితే 5 వస్తుంది. ఈ 5 కూడా ఒక అక్షరంలాగే జాబితాలో చేరుతుంది కాబట్టి, తరువాతి రెండు కనిష్ఠ సంఖ్యలు 4, 5 అవుతాయి. మీరు బహుశా ఆ 5ను పక్కన పెట్టి, మిగిలిన అక్షరాల్లోనే చిన్నవైన 4, 6 లను కలిపి ఉంటారు. అప్పుడు కలయికల మొత్తం 5+10+15+27, అంటే సరిగ్గా 57 అవుతుంది.

సరైన క్రమంలో 4+5=9, 6+9=15, 12+15=27. ప్రతి కలయిక దాని కింద ఉన్న అక్షరాలన్నింటికీ ఒక్కో బిట్టు పెంచుతుంది కనుక, 5+9+15+27=56 అన్నదే మొత్తం పొడవు. ఈ కలయికలను చెట్టుగా గీసి, ప్రతి చీలిక దగ్గర రెండు కొమ్మలకు 0, 1 రాస్తే వచ్చే కోడ్లు ఇవి:

```
క 0
ల 10
మ 110
న 1110
ర 1111
```

అక్షరాలన్నీ చెట్టు ఆకుల్లోనే ఉండటం వల్ల ఏ కోడూ మరొకదానికి ఆరంభ భాగం కాదు.

కనిష్ఠమైన రెండింటినే ఎందుకు కలపాలంటే, ఏ ఉత్తమ చెట్టులోనైనా అట్టడుగున తోబుట్టువులైన రెండు ఆకులు ఉంటాయి. అతి అరుదైన అక్షరాలను ఆ స్థానాల్లోకి మార్చినా మొత్తం పెరగదు. సంఖ్యలు సమానమైనప్పుడు దేన్ని ముందు కలిపినా ఫరవాలేదు: కోడ్ల పొడవులు మారవచ్చు గాని మొత్తం మారదు.