ఫారం నింపే ముందే హెచ్‌ఆర్‌కు మెయిల్ రాయండి

ప్రశ్న: మేడమ్, నా రెజ్యూమేలోనూ, నౌక్రీ, లింక్డ్‌ఇన్ ప్రొఫైళ్లలోనూ 2022 జనవరి నుంచి సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని అని రాశాను. నిజానికి మొదటి ఎనిమిది నెలలు అదే కంపెనీలో స్టైపెండ్ మీద ఇంటర్న్‌ని. అసలు అనుభవం 3 ఏళ్ల 1 నెల అయితే 3 ఏళ్ల 9 నెలలు అని చూపించాను. ఇప్పుడు 3 నుంచి 5 ఏళ్ల అనుభవం అడిగిన కంపెనీలో ఆఫర్ వచ్చింది. రాజీనామా చేశాను, నోటీసు ఇంకా 24 రోజులు ఉంది. నిన్న వెరిఫికేషన్ ఫారం లింకు పంపారు. ప్రొఫైళ్లు సరిచేసుకుని ఊరుకుంటే చాలా?

జవాబు: చాలదు. కంపెనీ దగ్గర ఉన్నది మీరు దరఖాస్తుతో పంపిన పాత రెజ్యూమే. ప్రొఫైల్ ఈ రోజు మార్చినా ఆ కాగితం మారదు. ఫారంలో మాత్రం సరైన తేదీ రాసి పంపినా ఇబ్బందే. నా దగ్గరికి వచ్చిన ఒకమ్మాయి అలాగే చేసింది. వారం తర్వాత హెచ్‌ఆర్ ఫోన్ చేసి, రెజ్యూమేలో జనవరి, ఫారంలో సెప్టెంబరు, ఏది నమ్మమంటారు అని అడిగారు. నిజమే రాసినా, దొరికిపోయాక రాసినట్టు కనిపించింది. చాలాసేపు ఆమెకు మాట రాలేదట.

తేదీ ఎలా బయటపడుతుందో మీరే చూసుకోవచ్చు. ఈపీఎఫ్‌వో సభ్యుల పోర్టల్‌లో మీ 12 అంకెల యూఏఎన్‌తో లాగిన్ అయి View కింద Service History తెరవండి. కంపెనీ పేరు పక్కన పీఎఫ్‌లో చేరిన తేదీ ఉంటుంది. మీకది బహుశా 2022 సెప్టెంబరే అయి ఉంటుంది. నాలుగైదు రోజుల తేడాను ఎవరూ పట్టించుకోరు, ఎనిమిది నెలలంటే వివరణ అడుగుతారు. దీనికి తోడు, వెరిఫికేషన్ ఏజెన్సీ మీ ప్రస్తుత కంపెనీని చేరిన తేదీ, హోదా నేరుగా అడుగుతుంది.

కాబట్టి ఫారం పంపే ముందు, ఈ రోజే, ఆఫర్ ఇచ్చిన హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి. అలాంటి ఫారం చివర సాధారణంగా ‘పైన రాసినవన్నీ నిజం, తప్పని తేలితే ఉద్యోగం రద్దు చేయవచ్చు’ అనే ప్రకటన ఉంటుంది. దానికి ఒప్పుకోకముందు మీరు చేసేది సవరణ. ఒప్పుకున్న తర్వాత అదే మాట సంజాయిషీ అవుతుంది.

మెయిల్ అయిదారు వాక్యాలకు మించకూడదు. సారాంశం ఇది: ‘నా రెజ్యూమేలో 2022 జనవరి నుంచి ఉద్యోగం అని రాశాను. జనవరి నుంచి ఆగస్టు వరకు నేను ఇంటర్న్‌ని, ఉద్యోగిగా చేరింది సెప్టెంబరులో. ఇంటర్న్‌షిప్‌ను ఉద్యోగంగా చూపడం నా తప్పు. ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్, నియామక పత్రం, సవరించిన రెజ్యూమే జతచేశాను. ఫారంలో సరైన తేదీలే రాస్తున్నాను. దీనివల్ల ఆఫర్‌లో మార్పు ఉంటే తెలియజేయండి.’ టైపింగ్‌లో పొరపాటు అనకండి, మూడు చోట్ల ఒకే పొరపాటు జరిగిందంటే ఎవరూ నమ్మరు. కన్సల్టెన్సీ మీదకూ నెట్టకండి.

మీకు కలిసొచ్చే విషయం ఒకటుంది. వాళ్లు అడిగిన కనీస అనుభవం మూడేళ్లు, అసలు లెక్కలోనూ మీరు దానికి తగ్గలేదు. ఆ ఎనిమిది నెలలు కలపకపోయినా ఇంటర్వ్యూకు పిలిచేవారే! అయినా జీతమో హోదానో తగ్గించవచ్చు, ఆఫర్ వెనక్కి తీసుకునే అవకాశమూ ఉంది. అందుకే మిగిలిన 24 రోజులు మీకు విలువైనవి. నాలుగు పనిదినాల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే ఫోన్ చేసి అడగండి. ఆఫర్ పోతే, రిలీవింగ్ లెటర్ చేతికి రాకముందే మీ మేనేజరుతో రాజీనామా వెనక్కి తీసుకోవడం గురించి మాట్లాడండి. ఒప్పుకోవాలన్న నియమం లేదు కానీ, బయటికి వచ్చాక అడిగేకంటే లోపల ఉండగా అడగడం తేలిక.

మెయిల్ వెళ్లాక ప్రొఫైళ్లు సరిచేయండి. లింక్డ్‌ఇన్‌లో ఇంటర్న్‌షిప్‌ను విడిగా చేర్చి, Employment type దగ్గర Internship ఎంచుకోండి. Notify network ఆపి ఉంచండి, లేకపోతే మార్పు అందరికీ వార్తగా వెళ్లవచ్చు.

ఇక ప్రశ్నలు. హెచ్‌ఆర్ ‘ఎందుకలా రాశారు’ అంటే, ‘అనుభవం ఎక్కువ కనిపిస్తే పిలుస్తారనుకున్నాను, అది తప్పు, ఫారానికి ముందే సరిచేశాను’ అని చెప్పి ఆగండి. ఆ నిశ్శబ్దాన్ని నింపాలని అనిపిస్తుంది. కాలేజీ రోజులు, ఇంటి ఇబ్బందులు అప్పుడే నోటికొస్తాయి, వాటితో కొత్త ప్రశ్నలూ వస్తాయి. రెండేళ్ల తర్వాత ఇంకో కంపెనీలో పాత రెజ్యూమే చూపించి అడిగినా జవాబు ఇదే. రిక్రూటర్లు దించుకున్న ప్రతులు అంత త్వరగా పోవు, అందుకే ఈ మెయిల్‌ను, దానికొచ్చిన జవాబును మీ సొంత మెయిల్‌ ఐడీలోనే భద్రపరచండి. ఆఫీసు ఐడీ నుంచి పంపితే, మీరు ఆ కంపెనీ వదిలిన రోజే అది మీకు అందకుండా పోతుంది.