కలయిక తర్వాత రక్తం: పాప్ స్మియర్ నార్మల్ అయినా చూపించుకోవాలా?

"వయసు 38. మూడు నెలలుగా కలయిక తర్వాత కొద్దిగా రక్తం కనిపిస్తోంది. కిందటేడు పాప్ స్మియర్ నార్మల్. మళ్లీ డాక్టరు దగ్గరకు వెళ్లాలా?"

వెళ్లాలి. ఇది చాలావరకు గర్భాశయ ముఖద్వారం నుంచి వచ్చే రక్తమే. లోపలి మెత్తని పొర బయటివైపు పెరగడం, చిన్న పాలిప్, క్లమీడియా వంటి ఇన్ఫెక్షన్ సాధారణ కారణాలు. క్యాన్సర్ అరుదే అయినా, అది కాదని తేల్చుకోవాలి. నెలసరుల మధ్య కూడా కనిపిస్తే గర్భనిరోధక మాత్రలు, గర్భాశయం లోపలి పాలిప్ కూడా కారణం కావచ్చు.

1. ముందు గర్భపరీక్ష చేసుకోండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: స్పెక్యులమ్ అనే పరికరం పెట్టి ముఖద్వారాన్ని కంటితో చూడమని అడగండి. పాప్ స్మియర్ వంటి స్క్రీనింగ్ పరీక్ష, ఏ లక్షణాలూ లేనివారి కోసం ఉద్దేశించినది. అది కొన్ని కణాలనే సేకరిస్తుంది కనుక, ఉన్న పుండునో గడ్డనో ఒక్కోసారి పట్టుకోలేకపోవచ్చు. అందుకే పాత నార్మల్ రిపోర్టు ఇప్పటి రక్తస్రావానికి జవాబు కాదు.

3. ముఖద్వారం అనుమానం కలిగిస్తే, దాన్ని పెద్దదిగా చూపే కాల్పోస్కోపీ చేసి, చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు.

4. కారణం మామూలుదని తేలినా స్క్రీనింగ్ మానకండి. క్యాన్సర్‌కు ముందు వచ్చే మార్పులు ఏళ్ల తరబడి ఏ లక్షణమూ చూపవు. పాప్ స్మియర్ వెతికేది వాటినే; హెచ్‌పీవీ పరీక్ష వెతికేది వాటికి కారణమయ్యే వైరస్‌ను.

గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, గర్భంతో ఉండి నొప్పి వస్తున్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.